పుట్టుకతో వచ్చింది వేరు, పాలసీకి ముందే తెలిసింది వేరు: బీమా నియంత్రణ సంస్థకు బహిరంగ లేఖ

భారత బీమా నియంత్రణ, అభివృద్ధి ప్రాధికార సంస్థ అధ్యక్షులకు, సభ్యులకు,
హైదరాబాద్.

అయ్యా, అమ్మా,

ఆరోగ్య బీమా క్లెయిముల తిరస్కరణ లేఖల్లో ఒక వాదన మళ్లీ మళ్లీ కనిపిస్తోంది. జబ్బు పుట్టుకతో వచ్చింది కాబట్టి పాలసీ తీసుకునే నాటికే అది ఒంట్లో ఉన్నట్టేననీ, అందువల్ల అది ముందునుంచీ ఉన్న జబ్బేననీ, అలాంటి జబ్బుకు డబ్బు ఇవ్వకుండా ఆపే కాలం, అంటే వెయిటింగ్ పీరియడ్, పూర్తికాలేదు గనక డబ్బు ఇవ్వలేమనీ రాస్తారు. వినడానికి సబబుగానే ఉంటుంది. గుండెలో రంధ్రం నిన్నగాక మొన్న పడింది కాదు కదా అని చాలా కుటుంబాలు ఆ లేఖ చదివి ఊరుకుంటాయి. కానీ మీరు రాసిన నిబంధనల ప్రకారమే అది తప్పు. ఆ తప్పు ఎక్కడ జరుగుతోందో మీ ముందుంచడానికీ, పాలసీ కొనబోయే కుటుంబాలు ఏ కాగితంలో ఏ గడి చూసుకోవాలో చెప్పడానికీ ఈ లేఖ రాస్తున్నాం.

ముందునుంచీ ఉన్న జబ్బు అంటే ఏమిటో మీ నిర్వచనం స్పష్టంగానే చెబుతోంది. పాలసీ మొదలైన తేదీకి ముందు 36 నెలల్లో డాక్టరు గుర్తించిన జబ్బు, లేదా ఆ 36 నెలల్లో డాక్టరు సలహా గాని చికిత్స గాని ఇచ్చిన జబ్బు. 2024 ఏప్రిల్ దాకా ఇది 48 నెలలు ఉండేది, మీరే తగ్గించారు. ఆ నిర్వచనంలో ‘ఒంట్లో ఉండటం’ అనే మాటే లేదు. డాక్టరుకు తెలిసిన తేదీ ఒక్కటే కొలమానం. పుట్టిన తేదీకి అందులో చోటు లేదు.

ఒక ఉదాహరణ చూద్దాం. 32 ఏళ్ల ఆమె. 2024 జూన్ 10న 5 లక్షల పాలసీ మొదలైంది. 2025 ఆగస్టులో మెట్లెక్కితే ఆయాసం వస్తోందని డాక్టరు దగ్గరికి వెళ్లింది. ఎకో తీస్తే గుండె పై గదుల మధ్య గోడలో 18 మిల్లీమీటర్ల రంధ్రం కనిపించింది. తొడ దగ్గరి సిర గుండా గొట్టం పంపి, చిన్న గొడుగులాంటి పరికరంతో దాన్ని మూయాలి. పాలసీకి అప్పటికి 14 నెలలు. ఈ క్లెయిము చెల్లుతుందా?

2021 జూన్ 10 నుంచి 2024 జూన్ 10 దాకా ఏ డాక్టరూ ఆమె గుండెలో తేడా ఉందని చెప్పలేదు, పరీక్ష చేయించుకోమనలేదు అనుకుందాం. అప్పుడది ముందునుంచీ ఉన్న జబ్బు కాదు. రంధ్రం 32 ఏళ్లనాటిదే అయినా కాదు. అదే 2022లో ఉద్యోగంలో చేరేటప్పుడు చేసిన పరీక్షలో గుండెలో మర్మర్ అనే అసాధారణ శబ్దం వినిపిస్తోంది, ఎకో చేయించుకోండి అని రాసి ఉంటే, ఆమె చేయించుకోకపోయినా సలహా ఇచ్చినట్టే లెక్క. అప్పుడు 36 నెలల దాకా వెయిటింగ్ వర్తిస్తుంది. ఇక ఆ మాట 2015లో ఎవరో అని, తర్వాత ఎవరూ ఎత్తకపోతే, నిర్వచనం ప్రకారం ఆమె గట్టెక్కినా ప్రపోజల్ ఫారంలో ‘ఎప్పుడైనా’ అని అడిగిన ప్రశ్నకు నిజం రాసి ఉండాలి. అక్కడ ‘లేదు’ అని రాస్తే వెయిటింగ్ పీరియడ్ గొడవ పోయి, దాచిపెట్టారన్న గొడవ మొదలవుతుంది. ఆ రెండోది ఇంకా పెద్దది, పాలసీనే రద్దు చేయగలదు.

ఈ కేసు చాలాసార్లు చెడేది ఆసుపత్రి కాగితంలోనే. డిశ్చార్జి సమ్మరీలో పూర్వ చరిత్ర అనే చోట జూనియర్ డాక్టరు హడావుడిగా K/C/O అని మొదలుపెట్టి జబ్బు పేరు రాస్తారు. అంటే ‘ముందే తెలిసిన కేసు’ అని. నిన్న ఎకోలో తెలిసిన జబ్బుకు కూడా అలవాటుగా అలాగే రాసేస్తారు. ‘చిన్నప్పటి నుంచి ఆయాసం’ అన్నది ఇలాంటిదే ఇంకో వాక్యం. కంపెనీ తరఫున క్లెయిములు పరిశీలించే టీపీఏ మొదట చదివేది ఈ రెండు మూడు పంక్తులనే. డిశ్చార్జి కాకముందే కుటుంబసభ్యులు ఆ సమ్మరీ అడిగి చదువుకోవాలి. జబ్బు మొదటిసారి ఏ తేదీన, ఏ పరీక్షలో తెలిసిందో అందులో ఉండాలి. పొరపాటు ఉంటే చికిత్స చేసిన డాక్టరుతోనే దిద్దించి సంతకం, తేదీ వేయించుకోవాలి. నిజంగా ముందే తెలిసిన జబ్బయితే మాత్రం ఆ వాక్యాన్ని మార్పించే ప్రయత్నం చేయకూడదు. పాత ఎకో కాగితం ఏదో ఒక ఆసుపత్రిలో బయటపడుతుంది.

అయితే ఇదే క్లెయిము న్యాయంగానే తిరస్కరణకు గురయ్యే దారి ఇంకొకటి ఉంది. పాలసీలో Excl02 అనే కోడ్‌తో ఫలానా జబ్బులకు వెయిటింగ్ అని ఒక జాబితా ఉంటుంది. హెర్నియా, శుక్లాలు, పిత్తాశయంలో రాళ్లు, మోకాలి కీలు మార్పిడి లాంటివి అందులో ఉంటాయని చాలామందికి తెలుసు. కొన్ని పాలసీల్లో అదే జాబితా చివర్లో ‘పుట్టుకతో వచ్చిన అంతర్గత లోపాలు’ అనే పంక్తి కూడా ఉంటుంది, మామూలుగా 24 నెలలని. ఈ వెయిటింగ్‌కు జబ్బు ఎప్పుడు తెలిసిందన్నదానితో పని లేదు. పాలసీకి తర్వాతే తెలిసినా 24 నెలలు ఆగాల్సిందే. పైన చెప్పిన ఆమె పాలసీలో ఆ పంక్తి ఉంటే 14వ నెలలో డబ్బు రాదు, లేకపోతే రావాలి. ఒకే మనిషి, ఒకే రంధ్రం, ఒకే ప్రీమియం. తేడా అంతా ఆ ఒక్క పంక్తిది. అమ్మేటప్పుడు ఏజెంటు దాన్ని చూపించడం అరుదు.

కాబట్టి మీకు మా మొదటి విన్నపం ఇది. కస్టమర్ ఇన్ఫర్మేషన్ షీట్‌లో, పుట్టుకతో వచ్చిన లోపాలకు ఒక ప్రత్యేకమైన గడి పెట్టించండి. అంతర్గత లోపానికి వెయిటింగ్ ఎన్ని నెలలు, చెల్లింపుకు విడిగా పరిమితి ఉందా, బాహ్య లోపాలకు ఏమైనా ఇస్తారా అన్న మూడు జవాబులు అక్కడే ఉండాలి. ఇవాళ ఈ మూడూ వెతకాలంటే పాలసీ పుస్తకంలో మూడు వేర్వేరు చోట్లు తిరగాలి.

అంతర్గతం, బాహ్యం అన్నాం కదా, రెండో చిక్కు ఆ మాటల్లోనే ఉంది. 2019 సెప్టెంబరులో మీరిచ్చిన మార్గదర్శకాలు అంతర్గత జన్మలోపాలనూ, జన్యు సంబంధమైన జబ్బులనూ మూకుమ్మడిగా మినహాయించకూడదని చెప్పాయి. అది పెద్ద మేలు. బాహ్య లోపాలకు మాత్రం ఆ రక్షణ లేదు. చాలా పాలసీలు వాటిని పూర్తిగా పక్కన పెడతాయి. మీ నిర్వచనంలో బాహ్యమంటే శరీరంలో కంటికి కనిపించే, చేతికి అందే భాగాల్లోని లోపం. ఆరో వేలికీ, వంకర పాదానికీ ఈ నిర్వచనం సరిపోతుంది. కానీ పిల్లల శస్త్రచికిత్సల్లో చాలా తగవులు గీతకు అటూ ఇటూ కాని చోట వస్తాయి.

గ్రహణమొర్రి తీసుకోండి. పై పెదవి చీలిక కంటికి కనిపిస్తుంది, సరే. దాంతోపాటే అంగిలి చీలి ఉంటే? నోరు తెరిస్తే కనిపిస్తుంది కాబట్టి బాహ్యమే అంటుంది కంపెనీ. కానీ ఆ చీలిక వల్ల పాలు ముక్కులోంచి వస్తాయి, మాట స్పష్టంగా రాదు, మధ్య చెవిలో నీరు చేరి వినికిడి తగ్గుతుంది. అంగిలికి ఆపరేషన్ మామూలుగా 9 నుంచి 18 నెలల వయసులో చేస్తారు. అది ముఖం అందం కోసం చేసేది కాదు. అయినా బాహ్య లోపం అన్న కారణానికి తోడు Excl08, అంటే సౌందర్య చికిత్స అన్న మినహాయింపును కూడా జోడించి తిరస్కరిస్తారు. Excl08 లోనే, ఆరోగ్యానికి తక్షణ ప్రమాదం తొలగించడానికి అవసరమని చికిత్స చేసే డాక్టరు ధ్రువీకరిస్తే ఈ మినహాయింపు వర్తించదని ఉంది. ఆ ధ్రువీకరణ పత్రం ఆపరేషన్‌కు ముందే తీసుకుంటే సగం వాదన అక్కడే ముగుస్తుంది. మిగతా సగం, అంటే బాహ్యమా కాదా అన్నది, పాలసీ పదాల మీదే ఆధారపడుతుంది.

వృషణం సంచిలోకి దిగని మగపిల్లల సంగతి ఇంకా విచిత్రం. వృషణం పొట్టలోనే ఉండిపోయింది. కంటికి కనిపించదు, చేతికి తగలదు, ఎక్కడుందో వెతకడానికి లాపరోస్కోపీ చేస్తారు. అయినా జననాంగాల లోపం గనక బాహ్యమని రాసిన తిరస్కరణ లేఖలు వస్తాయి. ఇలాంటిది వస్తే సర్జన్ రాసిన పరీక్ష నోటులోనూ, స్కాన్ రిపోర్టులోనూ ‘చేతికి తగలడం లేదు’ అన్న మాటను గీత గీసి చూపించి అప్పీలు చేయాలి. నిర్వచనంలోని రెండు షరతులూ, అంటే కనిపించడం, అందడం, ఇక్కడ లేవు.

పెదవి, అంగిలి, వృషణం, మూత్రద్వారం స్థానం తప్పడం, పుట్టుకతో శుక్లం లాంటివి మహా అయితే రెండు మూడు డజన్లు ఉంటాయి. వీటిలో ఏది ఎటు వస్తుందో వ్యాధి కోడ్లతో సహా ఒక జాబితా మీరు ప్రకటిస్తే ఈ తగవు ఆసుపత్రి కౌంటర్ దగ్గర జరగదు. ఇది మా రెండో విన్నపం.

ఇప్పుడు అన్నిటికన్నా జాగ్రత్తగా చదవాల్సిన భాగానికి వస్తాం. పాలసీ కొనేనాటికే జబ్బు తెలిసి ఉంటే ఏమవుతుంది?

జబ్బు తెలిశాక కంపెనీకి మూడు దారులుంటాయి. ప్రీమియం పెంచి ఇవ్వొచ్చు, 36 నెలల దాకా వెయిటింగ్‌తో ఇవ్వొచ్చు, ఇవ్వనని చెప్పొచ్చు. 2019 మార్గదర్శకాలు నాలుగో దారి కూడా చూపాయి. కొన్ని నిర్దిష్టమైన జబ్బులను, వ్యాధి కోడ్‌తో సహా, కొనుగోలుదారు సమ్మతి తీసుకుని శాశ్వతంగా మినహాయించి మిగతా వాటికి పాలసీ ఇవ్వవచ్చు. ఆ జబ్బుల జాబితాలో పుట్టుకతో వచ్చే గుండె లోపాల కోడ్లు కూడా ఉన్నాయి. ఉద్దేశం మంచిదే. అసలు పాలసీయే దొరకని పిల్లవాడికి కనీసం డెంగీకీ, ఎముక విరుపుకీ రక్షణ దొరుకుతుంది. ఆచరణలో ఎక్కడ చెడుతుందో చూడండి.

ఒక పాపకు గుండె కింది గదుల మధ్య రంధ్రం. దాని కోడ్ Q21.0. రెండేళ్ల వయసులో ఆపరేషన్ అయింది, బాగుంది. నాలుగేళ్లప్పుడు తల్లిదండ్రులు పాలసీకి దరఖాస్తు చేసి అన్నీ నిజంగా రాశారు. కంపెనీ ఒక సమ్మతి పత్రం పంపింది, ఓటీపీ కొడితే సంతకం పెట్టినట్టే. అందులో Q21.0 అని కాకుండా Q20 నుంచి Q28 దాకా, వాటి పర్యవసానాలతో సహా అని ఉంది. ఆ పరిధిలోకి గుండె, పెద్ద రక్తనాళాల జన్మలోపాలన్నీ వస్తాయి. పాపకు 20 ఏళ్లు వచ్చాక బృహద్ధమని కవాటానికి మూడు రేకులకు బదులు రెండే ఉన్నాయని తెలిసిందనుకోండి. దాని కోడ్ Q23.1. పాలసీ కొన్ననాడు ఎవరికీ తెలియని లోపం. మొదటి జబ్బు కోడ్ ఒక్కటే రాసి ఉంటే ఇది మినహాయింపు కిందికి వచ్చేదే కాదు. ఇప్పుడు శాశ్వతంగా పోయింది.

‘పర్యవసానాలతో సహా’ అన్న మాట ఇంకో తలనొప్పి. రంధ్రం ఉన్న పిల్లలకు ఊపిరితిత్తుల్లోకి రక్తం ఎక్కువగా పారుతుంది కాబట్టి ఛాతీ ఇన్ఫెక్షన్లు తరచుగా వస్తాయి. అందుకని ఆపరేషన్ అయి ఆరేళ్లు దాటాక వచ్చిన న్యుమోనియాను కూడా ఆ మినహాయింపుకే ముడిపెట్టే వీలుంది. రంధ్రం పూర్తిగా మూసుకుందని, రక్తం అటు నుంచి ఇటు కారడం లేదని తాజా ఎకో చెబితే ఆ ముడి తెగుతుంది. ఆపరేషన్ అయిన పిల్లల ఫాలోఅప్ ఎకో రిపోర్టులు ప్రతిదీ దాచి ఉంచమని మేము చెప్పేది అందుకే.

ఈ పత్రం చేతికి వచ్చినప్పుడు తల్లిదండ్రులు కోడ్‌లో చుక్క తర్వాత అంకె ఉందా లేదా చూడాలి. పరిధి రాసి ఉంటే, మాకు తెలిసిన జబ్బు ఇదొక్కటే, ఆ కోడ్‌కే పరిమితం చేయండి అని డాక్టరు రిపోర్టు జతచేసి మెయిల్ రాయాలి. కొన్నిసార్లు మారుస్తారు, కొన్నిసార్లు మార్చరు. మార్చకపోతే పాలసీ పత్రం అందిన 30 రోజుల్లోగా వెనక్కి ఇచ్చే హక్కు ఉంది. ఐదేళ్లు ఆగితే మారటోరియం వస్తుంది కదా, అప్పుడు ఏదీ అడ్డుకాదు అని కొందరు ఏజెంట్లు చెబుతారు. అది సరికాదు. 60 నెలలు నిరంతరాయంగా కట్టాక కంపెనీ ‘మీరు దాచారు’ అని, మోసం నిరూపిస్తే తప్ప, అనలేదు. శాశ్వత మినహాయింపు మాత్రం 61వ నెలలోనూ అలాగే ఉంటుంది.

మూడో విన్నపం ఇక్కడిదే. శాశ్వత మినహాయింపును దరఖాస్తునాటికి డాక్టరు గుర్తించిన జబ్బు పూర్తి కోడ్‌కే పరిమితం చేయండి. సరిచేసిన లోపానికి, నిర్ణీత కాలం తర్వాత ఎకో మామూలుగా ఉంటే, ఆ మినహాయింపును తిరిగి పరిశీలించమని కంపెనీలను ఆదేశించండి.

అప్పుడే పుట్టిన బిడ్డల విషయంలో లెక్క చాలా చిన్నది, దెబ్బ చాలా పెద్దది. చాలా వ్యక్తిగత పాలసీలు బిడ్డను 91వ రోజు నుంచే చేర్చుకుంటాయి. గుండె నుంచి బయలుదేరే రెండు పెద్ద రక్తనాళాలు తారుమారైన బిడ్డకు ఆపరేషన్ సాధారణంగా మొదటి కొన్ని వారాల్లోనే జరగాలి. పుట్టుకతో ఆహారనాళం మూసుకుపోయి ఉంటే రోజుల్లోనే చేయాలి. అంటే అసలు ఖర్చంతా ఆ 90 రోజుల్లోనే అయిపోతుంది. 91వ రోజున చేర్చబోతే అది తెలిసిన జబ్బు అయి కూర్చుంటుంది. ఈ ఖాళీని పూడ్చేది రెండే. ఒకటి, ప్రసూతితో పాటు మొదటి రోజు నుంచే బిడ్డకు రక్షణ ఇచ్చే పాలసీ. దానికి ప్రసూతి వెయిటింగ్ ఉంటుంది కాబట్టి గర్భం రాకముందే, కొన్ని పాలసీల్లో రెండు మూడేళ్ల ముందే తీసుకోవాలి. అయిదో నెల స్కాన్‌లో లోపం కనిపించాక కొనడానికి ఏమీ మిగలదు. రెండోది ఉద్యోగం ఇచ్చిన సంస్థ గ్రూప్ పాలసీ. అందులో చాలావరకు వెయిటింగ్ ఉండదు, బిడ్డకు మొదటి రోజు నుంచే వర్తిస్తుంది, కానీ బిడ్డ పేరు గడువులోగా చేర్పించాలి. బిడ్డ ఐసీయూలో ఉన్నప్పుడు తండ్రికి ఆ గడువు గుర్తుండదు. ఇంట్లో ఇంకొకరు హెచ్‌ఆర్‌కు మెయిల్ పెట్టే బాధ్యత ముందే తీసుకోవాలి. ఆ ఉద్యోగం మారేటప్పుడు, గ్రూప్ పాలసీ ముగియకముందే అదే కంపెనీ వ్యక్తిగత పాలసీలోకి మారమని అడిగితే, గడిపిన కాలం వెయిటింగ్‌లో జమ అవుతుంది. ఉద్యోగం మానేశాక తీరిగ్గా అడిగితే ఆ జమ పోతుంది.

వంశపారంపర్య జబ్బుల గురించి క్లుప్తంగా. థలసీమియా, హిమోఫీలియా లాంటివి జన్యు సంబంధమైనవి అన్న ఒక్క కారణంతో మినహాయించకూడదన్నది పైన చెప్పాం. కానీ వాటి చికిత్స జరిగే తీరు పాలసీ తీరుకు సరిపడదు. థలసీమియా పిల్లలకు రెండు మూడు వారాలకోసారి రక్తం ఎక్కించి సాయంత్రానికి ఇంటికి పంపుతారు. హిమోఫీలియా ఫ్యాక్టర్ ఇంజెక్షన్ కొన్ని గంటల పని. 24 గంటలు ఆసుపత్రిలో ఉంటేనే అనే షరతు కింద ఇవి రావు. 24 గంటలు ఉండనక్కర్లేని చికిత్సల జాబితాలో, అంటే డే కేర్ జాబితాలో, రక్తమార్పిడి ఉందా, ఓపీడీ రక్షణ ఎంత, వీటికి విడిగా పరిమితి పెట్టారా అని లిఖితపూర్వకంగా అడగాలి. ‘జన్యు జబ్బులు కవర్ అవుతాయి’ అన్న జవాబుకు దీనికి సంబంధం లేదు. తల్లి గాని తండ్రి గాని జబ్బు లేకుండా జన్యువు మాత్రమే మోసే క్యారియర్ అయితే, ఫారం అడిగినచోట ‘క్యారియర్, జబ్బు లేదు, చికిత్స లేదు’ అని పూర్తిగా రాయాలి. ఒక్క ‘థలసీమియా’ అనే మాట రాసి వదిలేస్తే జబ్బు ఉన్నట్టే చదువుతారు.

తిరస్కరణ లేఖ వచ్చాక చేయాల్సింది కూడా చెప్పి ముగిస్తాం. 2024లో మీరిచ్చిన మాస్టర్ సర్క్యులర్ ప్రకారం క్లెయిముల సమీక్షా కమిటీ ఆమోదం లేకుండా తిరస్కరించకూడదు, ఏ నిబంధన కింద తిరస్కరించారో లేఖలో రాయాలి. లేఖలో ‘పుట్టుకతో వచ్చినది’ అని మాత్రమే ఉంటే, ముందునుంచీ ఉన్న జబ్బులకు వర్తించే Excl01 కిందా, Excl02 కిందా, బాహ్య లోపమనా, శాశ్వత మినహాయింపా అని కంపెనీ ఫిర్యాదుల అధికారిని ముందు అడగాలి. ఈ నాలుగింటికీ నాలుగు వేరు జవాబులు కాబట్టి, ఏదో తేలకుండా అప్పీలు రాయడం గాలిలో రాయడమే. నెల రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చింది నచ్చకపోయినా, ఏడాది లోపల బీమా అంబుడ్స్‌మన్‌కు రాయవచ్చు. ఫీజు లేదు, వకీలు అక్కర్లేదు. మీ బీమా భరోసా పోర్టల్‌లో కూడా ఫిర్యాదు నమోదు చేయవచ్చు.

ఆ లేఖల నమూనాను మీరే నిర్ణయించి, ఆ నాలుగు గడుల్లో ఒకదానికి టిక్కు పెట్టనిదే, జబ్బు మొదట తెలిసిన తేదీ రాయనిదే లేఖ చెల్లదని ఆదేశించమన్నది మా చివరి విన్నపం.

ఇట్లు,
ఆరోగ్య బీమా క్లెయిముల కాగితాలు చూసిపెట్టే కొందరం